ట్రంకు రోడ్డు కబుర్లు: ముందు హారం చూడబ్బా

శీను: అందరికీ నమస్కారం. కావలి నుంచి ట్రంకు రోడ్డు కబుర్లు. నేను శీను, ఎదురుగా భాస్కరన్న. అన్నా, టీ ఎట్టుండాది?

భాస్కర్: టీ పంచాయితీ పోయినసారే తెగిపోయింది కదరా. మళ్లీ దాని మీద మెసేజ్‌లు తెప్పించబాక.

శీను: (నవ్వు) ఎవరూ పెట్టొద్దబ్బా, అన్న తాగుతుండాడు, చాలు. ఇయ్యాల విషయం ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం ఉచిత సీట్లు. దరఖాస్తు ఎట్టా పెట్టాలి అని పోయిన వారం నుంచి అడుగుతుండారు. చెప్పన్నా.

భాస్కర్: 2009 విద్యా హక్కు చట్టం, 12వ సెక్షన్. ఒకటో తరగతిలో నూటికి 25 సీట్లు పేద, వెనకబడిన కుటుంబాల పిల్లలకియ్యాల. ఇంటి దగ్గర స్కూలే దొరకతాది, అందుకని చిరునామా కాగితం ముఖ్యం. పుట్టిన తేదీ కాగితం, తల్లిదండ్రుల కాగితాలు ముందే తీసి పెట్టుకోండి. ఆ పిల్లాడి డబ్బు స్కూలుకు ప్రభుత్వం ఇస్తాది. ఎంత ఇస్తాదంటే, స్కూలు మామూలుగా తీసుకునే ఫీజు ఒకటి, ప్రభుత్వం తన బళ్లలో ఒక్కో పిల్లాడి మీద పెట్టే ఖర్చు ఒకటి, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది.

శీను: ఆగాగు. ఒక్కో పిల్లాడి మీద ఖర్చు అన్నావే, అది ప్రైవేటోళ్లకి ఎంతయితాది? మా పాపకి 24 వేలు కట్టినా. డైరీకి ఇంకో 150. డైరీలో ఏముండాదో తెలుసా, స్కూలు పేరు, కరస్పాండెంట్ ఫోటో.

భాస్కర్: వచ్చింది డైరీ.

శీను: రాదా మరి? 24 వేలల్లో డైరీ లేదా? అంతా దోపిడీ అన్నా. ఒక బిల్డింగు, నాలుగు బెంచీలు, పది వేల జీతానికి ఒక టీచరమ్మ. ఏం ఖర్చుండాది వాళ్లకి?

భాస్కర్: అబ్బయ్యా, నేను మూడు స్కూళ్లకి లెక్కలు రాస్తుండా. ఒకదానివి చెప్తా, పేరు అడగబాక, అంకెలు కాస్త గుండ్రంగా చేసి చెప్తా. ఎల్‌కేజీ నుంచి పది దాకా 12 తరగతులు, తరగతికి ఒకటే సెక్షన్. పిల్లలు 360. గదికి 40 మంది పడతారు.

శీను: అంటే 480కి సరిపోయే బిల్డింగు.

భాస్కర్: ఆ మాట గుర్తుపెట్టుకో. ఇప్పుడు టీచర్లు ఎంతమంది కావాల్నో చూడు. పిల్లల సంఖ్యని బట్టి కాదు, టైంటేబుల్‌ని బట్టి. రోజుకు 8 పీరియడ్లు, వారానికి 6 రోజులు, సెక్షన్‌కి 48 పీరియడ్లు. 12 సెక్షన్లకి 576. ఒక టీచరు వారానికి 36 పీరియడ్లు చెప్పగలదు, అంతకు మించి చెప్పిస్తే గొంతు పోతాది, నోట్సులు దిద్దను టైం ఉండదు. 576ని 36తో భాగించు.

శీను: 16.

భాస్కర్: 16 మంది. సగటున నెలకి 15 వేలు. చిన్న తరగతులకి 11, హైస్కూలుకి 20, అట్టా కలిపి. పీఈటీ సారుకు 12 వేలు. నెలకి 2 లక్షల 52 వేలు, ఏడాదికి 30 లక్షల 24 వేలు. ఆపై పీఎఫ్‌. యాజమాన్యం వాటా 12 శాతం, మిగతా చిల్లర కలిపి 13. దానికి జీతంలో 15 వేల దాకానే పరిమితి పెట్టుకోవచ్చు గనక మూడున్నర లక్షలు అనుకో. గ్రాట్యుటీకి ఏటా తీసి పెట్టాల్సింది లక్షా 45 వేలు.

శీను: టీచర్లకు గ్రాట్యుటీ ఏందన్నా? గవర్నమెంటోళ్లకు కదా?

భాస్కర్: ప్రైవేటు స్కూలు టీచర్లకు కూడా ఉండాది. 2009లో చట్టం సవరించినారు, 1997 ఏప్రిల్ నుంచి వర్తించేట్టు. స్కూళ్లోళ్లు కోర్టుకు పోతే 2022లో సుప్రీంకోర్టు టీచర్ల పక్కే నిలబడింది. ఐదేళ్లు చేసి మానేస్తే, చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం, నెలంటే 26 రోజులని లెక్క. చానా స్కూళ్లు దీన్ని ఖర్చు కింద రాయనే రాయరు. ఇరవై ఏళ్లు చేసిన టీచరమ్మ మానేసిన రోజు మాత్రం గుండె పట్టుకుంటారు.

శీను: సరే, కానీ.

భాస్కర్: ల్యాబు సామాను, చాక్‌పీసులు, ప్రశ్నపత్రాలు ఇంకో 80 వేలు. బోధన మొత్తం 36 లక్షలు. 360 మందికి పంచు.

శీను: పది వేలు.

భాస్కర్: పాలన చూడు. ప్రిన్సిపాల్‌కి 35 వేలు, ఆఫీసు క్లర్కుకి 14, లెక్కలు రాసేవాడికి 8...

శీను: నీకు ఎనిమిదేనా! (నవ్వు) అందుకే చొక్కా మార్చవు.

భాస్కర్: నోరు మూసుకో. ఆడిటు, గుర్తింపు రెన్యువల్, ఫోన్లు, కాగితాలు, మే నెలలో కట్టే ఫ్లెక్సీలు కలిపి ఏడాదికి 9 లక్షలు. పిల్లాడికి 2,500. ఇక బిల్డింగు. అద్దె నెలకి 90 వేలు, కరెంటు 18 వేలు, వాచ్‌మన్, ఆయాలు, ఊడ్చేవాళ్లకి కలిపి 25 వేలు, రంగులు, నీళ్లు, బాత్రూముల రిపేర్లు. మొత్తం 18 లక్షలు. పిల్లాడికి 5 వేలు. మూడూ కలుపు.

శీను: పదీ, రెండున్నరా, ఐదూ... పదిహేడున్నర వేలు. చూసినావా! నేను 24 కడితే ఆరున్నర వేలు మిగిలింది వాడికి. 360 మంది అంటే 23 లక్షలు! నేను చెప్పలా?

భాస్కర్: హారం చూడబ్బా.

శీను: ఎవరి మెళ్లో?

భాస్కర్: లవం పైన, హారం కింద. నాలుగో క్లాసులో మన గుమ్మడికాయ మాస్టారు చెప్పింది మర్చిపోయినావా? పైన 63 లక్షలు పెట్టి అందరూ దానితోనే కొట్లాడతారు. కింద 360 పెట్టినామే, ఆ అంకెను ఎవురూ అడగరు. రోలులో ఉండే పిల్లలు 360. పూర్తి ఫీజు కట్టేవాళ్లు ఎంతమంది? అన్నదమ్ములకు తగ్గింపు, టీచర్ల పిల్లలకు ఉచితం, రొయ్యలు పోయినాయి సార్ అని సగం ఆపేసిన వాళ్లు, మార్చిలో హాల్ టికెట్టు తీసుకుని మళ్లీ కనపడని వాళ్లు. చేతికొచ్చేది సగటున పిల్లాడికి 19 వేలు. 68 లక్షల 40 వేలు. ఖర్చు 63. మిగిలేది 5 లక్షల 40 వేలు, పిల్లాడికి 1,500.

శీను: 24 వేలు కట్టినోడి ముందర ఆ మాట చెప్పు.

భాస్కర్: చెప్తుండా కదా. నువ్వు కట్టేది నీ పాప ఖర్చు కాదు. కట్టని వాళ్ల దాంట్లో కొంత నీది.

శీను: ఇదేం న్యాయం?

భాస్కర్: న్యాయం అన్లా, లెక్క అన్నా. ఇంకోటి విను. ఏడో తరగతిలో 30 మంది ఉండారు. జూన్‌లో ఒక పిల్లాడొచ్చి చేరినాడు. వాడి వల్ల స్కూలుకు పెరిగిన ఖర్చెంత?

శీను: పదిహేడున్నర వేలు.

భాస్కర్: టీచరు జీతం పెరిగిందా? అద్దె పెరిగిందా? ఫ్యాను ఎక్కువ తిరిగిందా? పరీక్ష పేపర్లు, ఐడీ కార్డు, అదీ ఇదీ కలిపి 800.

శీను: డైరీ.

భాస్కర్: డైరీ నువ్వు కొంటివి కదా! (ఇద్దరూ నవ్వు) 800 ఖర్చుకి కరస్పాండెంటు 12 వేలు తీసుకున్నా లాభమే. అందుకే ఏప్రిల్‌లో 24 అని బల్ల గుద్దిన ఆయన జూన్ ఇరవయ్యో తేదీకి మెత్తబడతాడు. ఖాళీ బెంచీ ఉన్నంతసేపే ఆ బేరం.

శీను: బెంచీ నిండితే?

భాస్కర్: అక్కడే ఉండాది కత. సెక్షన్‌కి బోధన ఖర్చు ఏడాదికి 3 లక్షలు, 36ని 12తో భాగిస్తే వస్తాది కదా. 40 మంది ఉంటే పిల్లాడికి ఏడున్నర వేలు. 41వ వాడొచ్చినాడు, గదిలో పట్టడు, రెండు సెక్షన్లు చేసినారు. ఇప్పుడు 6 లక్షలు, 41 మంది.

శీను: పద్నాలుగు వేల ఆరొందలు దాటింది.

భాస్కర్: ఒక్క పిల్లాడితో దాదాపు రెట్టింపు. అందుకని ఏం చేస్తారు? ఆ 41ని, 42ని, 45ని అదే గదిలో ఇరికిస్తారు. ఒక బెంచీ మీద నలుగురు కూర్చుని రాస్తుంటే, మోచెయ్యి మోచెయ్యి తగిలి గీతలు పోతాయి చూడు నోటుబుక్కులో. ఆ గీత లెక్కల పుస్తకంలో కనపడదు. అక్కడ ఖర్చు తగ్గింది అనే కనపడతాది.

శీను: మా పాప నోటుబుక్కులో ఉండాయన్నా గీతలు. నేను కొట్టినా దానికి.

భాస్కర్: ...

శీను: చిన్న దెబ్బేలే.

భాస్కర్: సరే. దీనికి తిరకాసు కూడా చెప్తా. మనకాడ ఐదు, ఏడు అయినాక పిల్లల్ని నెల్లూరు హాస్టళ్లకు పంపిస్తారు గదా. నేను చెప్పే స్కూల్లో ఒకటో తరగతిలో 38 మంది, పదిలో 18 మంది. సగటు 30 అంటే బ్రహ్మాండంగా కనపడతాది. విడిగా చూడు. ఒకటో తరగతి టీచర్లకి 11 వేలు, సెక్షన్ ఖర్చు పీఎఫ్ గీఎఫ్‌తో 2 లక్షల 9 వేలు, 38 మందికి పంచితే ఐదున్నర వేలు. పదికి 20 వేల జీతపు టీచర్లు, సెక్షన్‌కి 3 లక్షల 60 వేలు, 18 మందికి పంచితే 20 వేలు. ఒట్టి బోధనే. అద్దె, ఆఫీసు ఇంకా కలపలా.

శీను: మరి పది మూసేయొచ్చు గదా?

భాస్కర్: మూస్తే ఒకటికి ఎవుడు చేర్పిస్తాడు? పది ఫలితాలే ఫ్లెక్సీ. ఒకటో తరగతి పిల్లలు పదో తరగతిని మోస్తుండారు. నీ పాప ఏ తరగతి?

శీను: రెండు.

భాస్కర్: అదీ సంగతి.

శీను: నాకు బీపీ వస్తుండాది. సరే అన్నా, నన్నొకటి అడగనీ. అద్దె నెలకి 90 వేలు అన్నావే. బిల్డింగు ఎవరిది?

భాస్కర్: ...కరస్పాండెంటు భార్యది.

శీను: హా! చెప్పు చెప్పు! సొసైటీ స్కూలు, లాభం తీసుకోకూడదు, అద్దె మాత్రం అమ్మగారికి! ఏడాదికి 10 లక్షల 80 వేలు, పిల్లాడికి 3 వేలు. కుడి జేబులోంచి ఎడం జేబుకి.

భాస్కర్: ఒప్పుకుంటా. కానీ సొంత బిల్డింగు గనక అద్దె సున్నా అనేది కూడా తప్పే. ఆ బిల్డింగు ఆసుపత్రికిచ్చినా, కల్యాణమండపానికిచ్చినా వచ్చే డబ్బు వదులుకుంటుండారు కదా. అడగాల్సింది ఒకటే, పక్క వీధిలో అంత చదరపుటడుగుల బిల్డింగు ఎంతకి పోతుండాది? 60కి పోతుంటే 90 రాసినారనుకో, ఆ 30 అద్దె కాదు, లాభమే. ఇన్‌కంటాక్సోళ్లు కూడా అదే చూస్తారు, సంబంధీకులకి బజారు రేటు మించి ఇస్తే సొసైటీకి పన్ను మినహాయింపు దెబ్బ తింటాది.

శీను: నువ్వే రాస్తుండావు కదా ఆ 90?

భాస్కర్: నాకిచ్చిన కాగితం నేను రాస్తా. ఆ మాట మాత్రం బయట అనబాక.

శీను: పాడ్‌కాస్టులో అంటివి కదన్నా! ఇంకెక్కడ బయట! (చాలాసేపు నవ్వు)

భాస్కర్: కట్ చెయ్.

శీను: చెయ్యను. సరే, నాకు తెలిసిన స్కూలు ఒకటుండాది, ఫీజు 13 వేలే. వాళ్లెట్టా నడుపుతుండారు? నీ లెక్కలో పదిహేడున్నర కదా ఖర్చు.

భాస్కర్: జీతం పది నెలలకే ఇస్తే ఎంత తగ్గతాదో తెలుసా? నెలకి 2 లక్షల 52 వేలు, రెండు నెలలకి 5 లక్షల 4 వేలు. పిల్లాడికి 1,400.

శీను: ఏప్రిల్ ఇరవై మూడుతో బళ్లు మూస్తారు కదా, మే జీతం లేదంటారు.

భాస్కర్: మా చెల్లెలు తొమ్మిదేళ్లు చేసింది ఒక స్కూల్లో. ఎండాకాలం జీతం ఇచ్చేవాళ్లు కాదు. ఇచ్చేవాళ్లు కాదు కానీ అడ్మిషన్లకి ఇంటింటికీ తిప్పేవాళ్లు. కరపత్రాలు పట్టుకుని, మే ఎండలో, ఒక్కో టీచరు ఐదుగురు పిల్లల్ని తీసుకురావాలని. తీసుకురాకపోతే జూన్‌లో రమ్మనేవాళ్లు కాదు. మజ్జిగ సీసా ఒకటి, గొడుగు ఒకటి. నేనే ఆ స్కూలు లెక్క ఒకసారి చూసినా, ఖర్చు చానా తక్కువగా ఉండాది, భలే నడుపుతుండాడే అనుకున్నా. తర్వాత వెలిగింది, ఆ 1,400 మా చెల్లెలి ఎండాకాలం.

శీను: ...ఇప్పుడు మానేసింది కదన్నా?

భాస్కర్: మానేసింది. ట్యూషన్లు చెప్పుకుంటుండాది. గ్రాట్యుటీ అడగలేదు. అడగొచ్చని దానికి తెలీదు, నాకప్పుడు తట్టలేదు.

శీను: టీ పోయనా?

భాస్కర్: పొయ్యి.

శీను: (గ్లాసుల చప్పుడు) మరి పీఎఫ్ కూడా ఎగ్గొడతారా?

భాస్కర్: పీఎఫ్ 20 మంది ఉంటేనే. ఈ స్కూల్లో 16 మంది టీచర్లు, పీఈటీ, ప్రిన్సిపాల్, క్లర్కు, నేను, ఆయాలు, వాచ్‌మన్ కలిపితే 23. అయినా కొన్నిచోట్ల రిజిస్టర్లో ఎప్పుడు చూసినా 19 మందే ఉంటారు. ఏడేళ్లుగా 19. ఎవురూ పుట్టరు, ఎవురూ చావరు.

శీను: (నవ్వు) గోడ మీద టైంటేబుల్లో పేర్లు లెక్కపెడితే దొరికిపోతారు కదా?

భాస్కర్: ఇప్పుడు దారిలోకొచ్చినావు. టైంటేబుల్లో పేర్లు లెక్కపెట్టు, అటెండెన్సులో పిల్లల్ని లెక్కపెట్టు, గదులు లెక్కపెట్టు. ఖర్చు సగం అక్కడే తెలిసిపోతాది, బ్యాలెన్స్ షీటు అక్కర్లా.

శీను: అయినా గవర్నమెంటు ఒక రేటు పెట్టేస్తే గొడవుండదు కదన్నా, సినిమా టికెట్టు మాదిరి.

భాస్కర్: పెట్టినారు కదరా 2021లో. జీవో 53. మున్సిపాలిటీలో చిన్న తరగతులకు 11 వేలు, హైస్కూలుకు 15 వేలు. పంచాయతీల్లో అంతకన్నా తక్కువ, కార్పొరేషన్లో కాస్త ఎక్కువ. ఊరిని బట్టి రేటు. అదే వీధిలో 200 మంది పిల్లలుండే స్కూలుకీ 700 మందుండే స్కూలుకీ ఒకటే. హైకోర్టు ఆ డిసెంబరులోనే కొట్టేసింది. పైన రాసిన ఖర్చు చూడలా, కింద హారం చూడలా.

శీను: మళ్లీ హారం.

భాస్కర్: హారమే. మొన్న మన బైపాస్ పక్కన కొత్త స్కూలొచ్చింది కదా. వాడు ఈ స్కూలు నుంచి 60 మందిని లాగినాడనుకో. ఖర్చెంత తగ్గతాది?

శీను: 60 ఇంటూ పదిహేడున్న... కాదు కాదు. 800.

భాస్కర్: శభాష్. 48 వేలు తగ్గింది అంతే. 62 లక్షల 52 వేలు, 300 మందికి పంచితే పిల్లాడికి 20,840. వచ్చేది 19 వేలు. ఐదున్నర లక్షల నష్టం. నిన్నటిదాకా ఐదున్నర లక్షలు మిగిలిన స్కూలు.

శీను: అంటే ఎన్ని పోతే మునిగిపోతాది?

భాస్కర్: 330, 331 దగ్గర సమానం. అంతకు దిగితే ముందు పీఈటీ సారు పోతాడు. తర్వాత ఆరు, ఏడు సోషల్ ఒకే గదిలో కలిపి చెప్తారు. స్కూలు మునిగేటప్పుడు బోర్డు మీద ఏమీ మారదు, గ్రౌండులో విజిల్ వినపడదు.

శీను: మాదాంట్లో విజిల్ వినపడుతుండాది. మొన్న కూడా విన్నా.

భాస్కర్: సంతోషం.

శీను: అన్నా, మనం 25 శాతం సీట్ల గురించి కదా మొదలుపెట్టింది.

భాస్కర్: అదే ఇదిరా. ఒకటో తరగతిలో 40 సీట్లు, అందులో 10 ఉచితం. ఆ పది బెంచీలు ఎట్టాగూ ఖాళీగా ఉండేవయితే ఒక్కో పిల్లాడికి స్కూలు ఖర్చు 800, ప్రభుత్వం ఎంతిచ్చినా మిగులే. డబ్బు ఆలస్యంగా వచ్చినా ఓర్చుకుంటాడు. కానీ తరగతి నిండే స్కూలయితే, ఆ పది సీట్లకి ఫీజు కట్టేవాడు గేటు బయట నిలబడుండాడు. అక్కడ ఒక్కో సీటుకి పోయేది వేలల్లో. అందుకే గిరాకీ లేని స్కూలోడు రమ్మంటాడు, గిరాకీ ఉండేవాడు సర్వర్ డౌన్ అంటాడు.

శీను: మరి మన శ్రోతలు ఏ స్కూలుకి పెట్టుకోవాలి?

భాస్కర్: ఇంటి దగ్గరి నుంచి వరసగా పెట్టుకోమను. రసీదు దాచుకోమను.

శీను: అయిపోయింది, విషయం అంతే. (నవ్వు) ఇంకొకటి, బస్సు. బస్సు ఫీజు 9 వేలు తీసుకుంటుండారు మా కాడ, అది పదిహేడున్నరలో ఉండాదా?

భాస్కర్: ఉండదు, వేరే పుస్తకం. బస్సుకి కూడా హారమే. 40 సీట్ల బస్సులో 26 మంది...

శీను: అదిగో, హారన్. వచ్చేసినట్టుండాది.

భాస్కర్: ఏంది?

శీను: పాప బస్సు. దానికి రోడ్డు దాటడం రాదు, నేను పోవాలి. అన్నా, ఆ మైకు...

భాస్కర్: పో పో. డైరీ కూడా చూడు, సంతకం పెట్టాల్సి ఉంటాది.